డ్రిప్ మెషీన్ కాఫీ నీళ్లలా ఎందుకుంటుంది? చెంచా, వేడి, షవర్‌హెడ్‌ల లెక్క

అమెరికా వచ్చిన కొత్తలో తెలుగువాళ్లు చాలామంది అనే మాట ఒకటుంది: "ఇక్కడి కాఫీ రంగునీళ్లు." స్టీలు ఫిల్టరులో దిగిన డికాషన్‌కి అలవాటుపడ్డ నాలుకకి, ఆఫీసులో గాజు జగ్గులోంచి వంపుకున్న కాఫీ అలా అనిపించడం సహజమే. కానీ దీన్ని పూర్తిగా అలవాటు మీదకి నెట్టేయలేం. చిన్నప్పటి నుంచీ డ్రిప్ కాఫీనే తాగుతున్న అమెరికన్లు కూడా తమ ఇంటి మెషీన్ మీద ఇదే ఫిర్యాదు చేస్తుంటారు. అదే పొడిని కాగితపు ఫిల్టరులో వేసి కెటిల్‌తో చేత్తో పోస్తే బాగుంటుంది. మెషీన్‌కి అప్పగిస్తే పలచగా, కొంచెం పుల్లగా, చివర్లో చేదు తగులుతూ వస్తుంది.

మా వంటింట్లో పన్నెండు కప్పుల మెషీన్ ఒకటి ఉండేది. ఒకరోజు కాఫీ దిగిపోయాక బుట్ట బయటికి తీసి చూశాను. పిప్పి మధ్యలో బొటనవేలు దూరేంత గుంట పడి ఉంది. అంచుల్లో, కాగితానికి ఆనుకున్న చోట మాత్రం పొడి ఇంకా లేత గోధుమరంగులోనే ఉంది. వేలితో తాకితే తడి తగల్లేదు, పొడిపొడిగా రాలింది. అంటే నేను కొలిచి వేసిన పొడిలో కొంతభాగానికి నీళ్లే అందలేదు. మధ్యలో ఉన్న పొడేమో మొత్తం నీళ్ల ధాటినీ ఒక్కటే భరించింది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ ఎలా వస్తాయో ఆ బుట్ట చూశాకే నాకు అర్థమైంది.

అయితే తప్పంతా ఆ గుంటదే కాదు. పలచటి కాఫీకి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. వాటిని విడదీయాలంటే ముందు "పలచన" అనే మాటనే విడదీయాలి.

## పలచన వేరు, సారం దిగకపోవడం వేరు

వేయించిన కాఫీ గింజలో నీళ్లలో కరిగే పదార్థం దాని బరువులో దాదాపు 28 నుంచి 30 శాతం. మిగిలినదంతా కరగని పీచు, పిప్పిగా మిగిలిపోయేది. ఆ కరిగేదంతా కప్పులోకి రావాలని కూడా కోరుకోం. ముందుగా పులుపు, సువాసన ఇచ్చేవి కరుగుతాయి, తర్వాత తీపి, చివరికి చేదూ వగరూ. పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు దిగి అక్కడ ఆగితే రుచి సమంగా ఉంటుందని 1950ల్లో అమెరికాలో కాఫీ బ్రూయింగ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చారు. ఆయన గీసిన పటాన్ని కాఫీ పరిశ్రమ ఇప్పటికీ వాడుతోంది.

ఆ పటంలో రెండు కొలతలు విడివిడిగా ఉంటాయి. ఒకటి సారం: వేసిన పొడిలో ఎంత శాతం కరిగి దిగింది అన్నది. రెండోది చిక్కదనం: కప్పులో ఉన్న ద్రవంలో ఎంత శాతం కాఫీ, ఎంత నీళ్లు అన్నది. డ్రిప్ కాఫీకి చిక్కదనం 1.15 నుంచి 1.35 శాతం మధ్య ఉంటే అమెరికన్లకి నచ్చుతుందని లాక్‌హార్ట్ లెక్క. మిగిలిన 98 శాతం పైగా నీళ్లే. ఈ లెక్కన అర శాతం తగ్గినా నాలుకకి తెలిసిపోతుంది.

ఈ రెండూ కలిసి నడవనక్కర్లేదు. పొడి తక్కువ వేసి నీళ్లు ఎక్కువ పోస్తే, సారం పూర్తిగా దిగినా కాఫీ పలచగానే ఉంటుంది. పొడి సరిపడా వేసినా నీళ్లు చల్లగా ఉండి సారం సగంలో ఆగిపోతే, కాఫీ పలచగానూ ఉంటుంది, పుల్లగానూ ఉంటుంది. మొదటిది కొలత తప్పు, రెండోది మెషీన్ తప్పు. జనం రెండింటినీ "స్ట్రాంగ్‌గా లేదు" అనే ఒక్క మాటతో చెబుతారు. అందుకే కొత్త మెషీన్ కొన్న తర్వాత కూడా చాలామందికి పాత కాఫీయే వస్తుంది.

## మెషీన్ మీద రాసిన "కప్పు" ఎంత?

ముందు కొలత తప్పు చూద్దాం. ఎక్కువ ఇళ్లలో కాఫీ నీళ్లగా ఉండటానికి మొదటి కారణం ఇదే, మెషీన్ లోపల ఏముందన్నది తర్వాతి మాట.

అమెరికాలో వంటకి వాడే కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. డ్రిప్ మెషీన్ జగ్గు మీద గీతలు చూపించే కప్పు అది కాదు. అక్కడ కప్పు అంటే చాలావరకు 5 ఔన్సులు, సుమారు 150 మిల్లీలీటర్లు. యూరప్ మెషీన్లలో 125 మిల్లీలీటర్లే. పన్నెండు కప్పుల మెషీన్ అంటే 1.8 లీటర్లన్నమాట. మనం వాడే పెద్ద మగ్గుల్లో లెక్కేస్తే అది ఐదారు మగ్గులకి మించదు.

ఇప్పుడు ఒక ఇంట్లో ఎనిమిదో గీత వరకు నీళ్లు పోశారనుకుందాం. అది 1.2 లీటర్లు. కప్పుకి ఒక టేబుల్ స్పూను చొప్పున ఎనిమిది స్పూన్ల పొడి వేశారు. టేబుల్ స్పూను గీటుగా తీస్తే సుమారు 5 గ్రాములు, మొత్తం 40 గ్రాములు. లీటరుకి 33 గ్రాములు పడ్డట్టు. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వాళ్ల కొలత లీటరుకి 55 గ్రాములు, పది శాతం అటూ ఇటూ. అంటే 1.2 లీటర్లకి 66 గ్రాములు కావాలి.

తేడా కప్పులో ఎంత తెలుస్తుందో చూద్దాం. తడిసిన పొడి తన బరువుకి సుమారు రెండింతల నీళ్లు తనలోనే పట్టి ఉంచుకుంటుంది. 40 గ్రాముల పొడి 80 మిల్లీలీటర్లు తాగేస్తే జగ్గులోకి వచ్చేది 1,120. మెషీన్ చాలా గొప్పది, సారం సరిగ్గా 20 శాతం దిగింది అనుకున్నా, దిగింది 8 గ్రాములు. 1,120లో 8 అంటే 0.71 శాతం. లాక్‌హార్ట్ చెప్పిన అడుగు గీత 1.15కి ఇది చాలా కింద. ఎంత ఖరీదైన మెషీనూ ఈ కాఫీని బాగుచేయలేదు.

అదే 66 గ్రాములు వేస్తే? జగ్గులోకి 1,068 మిల్లీలీటర్లు వస్తుంది. 20 శాతం సారం దిగితే 13.2 గ్రాములు, అంటే 1.24 శాతం. సరిగ్గా మధ్యలో పడింది. మెషీన్ నాసిరకంది, సారం 16 శాతం దగ్గరే ఆగిపోయింది అనుకుందాం. దిగింది 10.6 గ్రాములు, చిక్కదనం 0.99 శాతం. గీత కింద ఉన్నా మొదటి ఇంటి కాఫీ కన్నా చిక్కనే. కాకపోతే రుచి పుల్లగా, బోలుగా ఉంటుంది.

చిక్కదనాన్ని ఎక్కువగా నిర్ణయించేది పొడికీ నీళ్లకీ ఉన్న నిష్పత్తి. రుచి బాగుండటం, బాగుండకపోవడం ఎక్కువగా మెషీన్ చేతిలో ఉంటుంది. ఇక్కడ తయారీదార్ల బాధ్యత కూడా ఉంది. పన్నెండు కప్పులకి లీటరుకి 55 గ్రాముల చొప్పున వేయాలంటే 99 గ్రాముల పొడి కావాలి. అంత పొడి వేస్తే చాలా మెషీన్ల బుట్ట అంచు దాకా నిండిపోతుంది, పొడి ఉబ్బాక నీళ్లు పొంగిపోతాయి. అట్టపెట్టె మీద రాసిన పూర్తి సంఖ్యకి ఆ బుట్ట సరిపోదు.

## నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయి

కొలత సరిచేసుకున్నా కాఫీ బాగాలేదంటే అప్పుడు మెషీన్ లోపలికి చూడాలి. జర్మనీలో గాట్‌లోబ్ విడ్‌మన్ 1954లో పేటెంటు తీసుకున్న విగోమాట్‌ని తొలి విద్యుత్ డ్రిప్ మెషీన్‌గా చెబుతారు. అమెరికా ఇళ్లలోకి ఈ పద్ధతి పాకింది 1972లో మిస్టర్ కాఫీ అనే మెషీన్ వచ్చాక. అంతవరకు అక్కడ పెర్కొలేటరే రాజ్యం. దిగిన కాఫీనే మళ్లీ మళ్లీ మరిగించి పొడి మీద పోసే పాత్ర అది. దాని పక్కన డ్రిప్ మెషీన్ కాఫీ ఎంతో మేలనిపించింది.

ఇప్పటి చవక మెషీన్‌లో, చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా, నీళ్లని పైకి తోసే మోటారు ఉండదు. వెనక ఉన్న తొట్టిలోంచి చన్నీళ్లు కిందికి దిగి, హాట్ ప్లేట్ కింద గుర్రపునాడాలా వంచిన అల్యూమినియం గొట్టంలోకి వెళతాయి. ఆ గొట్టానికి అంటిపెట్టుకునే హీటర్ ఉంటుంది. గొట్టంలో నీళ్లు మరిగినప్పుడు ఆవిరి బుడగలు పుడతాయి. నీళ్లు వెనక్కి తొట్టిలోకి పోకుండా దారిలో ఒక చిన్న వాల్వు అడ్డం ఉంటుంది కాబట్టి బుడగలు నీళ్లని ముద్దలు ముద్దలుగా పైకే తోస్తాయి. మెషీన్ గుడగుడలాడే చప్పుడు అదే. పైకి వచ్చిన నీళ్లు బుట్ట మీద పడతాయి. ఒకే హీటరు నీళ్లని కాచి, పైకి ఎక్కించి, జగ్గుని కూడా వేడిగా ఉంచుతుంది. చవగ్గా ఉండటానికి, ఏళ్ల తరబడి చెడిపోకుండా ఉండటానికి ఇదే కారణం. నిజంగా తెలివైన ఏర్పాటు.

దీంట్లో ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉంది. మరిగితేనే నీళ్లు పైకి ఎక్కుతాయి కాబట్టి, "చవక మెషీన్ నీళ్లని సరిగ్గా కాచదు" అనే మాట సగమే నిజం. గొట్టంలో నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. అవి పొడిని చేరేలోపు ఏమవుతుందన్నది అసలు ప్రశ్న.

## వాట్లంటే నిమిషాలు

ఈ రకం మెషీన్‌లో హీటర్ శక్తి నీళ్లు ఎంత జోరుగా వస్తాయో నిర్ణయిస్తుంది. లెక్క సులువే. ఒక గ్రాము నీళ్లని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4.2 జౌళ్ల శక్తి కావాలి. 1.2 లీటర్ల నీళ్లని 20 డిగ్రీల నుంచి 93కి తేవడానికి సుమారు 367 కిలోజౌళ్లు పడుతుంది. 1,500 వాట్ల హీటర్ ఆ పని 4 నిమిషాల్లో చేస్తుంది. 900 వాట్లది దాదాపు 7 నిమిషాలు తీసుకుంటుంది. 600 వాట్లదానికి 10 నిమిషాలు దాటుతుంది. ఆవిరిగా పోయేది, ప్లాస్టిక్ పీల్చుకునేది కలిపితే నిజంలో ఇంకాస్త ఎక్కువే.

స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ ఇంటి మెషీన్లకి ఇచ్చే సర్టిఫికేట్ నీళ్లు పొడితో ఉండే సమయం 4 నుంచి 8 నిమిషాల మధ్య ఉండాలంటుంది. పెద్ద జగ్గు నింపే మెషీన్ మీద 600, 700 వాట్లని రాసి ఉంటే ఆ హద్దుల్లో అది పట్టడం కష్టమని వాట్లు చూసే చెప్పేయొచ్చు. చిన్న మెషీన్ అయితే ఆ వాట్లే సరిపోతాయి. నెదర్లాండ్స్‌లో 1968 నుంచి తయారవుతున్న మోకామాస్టర్ అనే మెషీన్ కూడా ఇదే బుడగల పద్ధతిలో నడుస్తుంది. తేడా ఏమిటంటే దాని హీటర్ రాగిది, శక్తి దాదాపు 1,500 వాట్లు. సూత్రం ఒకటే అయినా కాఫీ వేరుగా ఉంటుంది. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు కాబట్టి వంటింటి సామాను చాలావరకు ఆ 1,500 దగ్గరే ఆగుతుంది. అంతకన్నా బాగా పైకి పోవడానికి అక్కడ చోటు లేదు.

ఇంకో దారి కూడా ఉంది. బన్ కంపెనీ ఇంటి మెషీన్లు కొన్ని లోపల ఒక చిన్న ట్యాంకులో నీళ్లని ఎప్పుడూ వేడిగా సిద్ధంగా ఉంచుతాయి. పైనుంచి చన్నీళ్లు పోస్తే అడుగుకి పోయి, వేడి నీళ్లని పైకి నెట్టి బుట్ట మీదకి పంపుతాయి. మొదటి చుక్క నుంచే వేడి సమంగా ఉంటుంది. బదులుగా కరెంటు రోజంతా కొద్దికొద్దిగా ఖర్చవుతూ ఉంటుంది.

## వేడి ఎక్కడ కొలవాలి

జగ్గులో కాఫీ వేడిగా ఉంటే నీళ్లు సరిపడా కాగాయనుకుంటాం. కింద హాట్ ప్లేట్ ఉంది కాబట్టి జగ్గు ఎలాగూ వేడిగానే ఉంటుంది. సారం దిగేది బుట్టలో కాబట్టి లెక్కలోకి వచ్చేది బుట్టలో తడిసిన పొడి వేడి. సర్టిఫికేట్ కోరేది 92 నుంచి 96 డిగ్రీలు.

మొదటి నిమిషంలో ఏం జరుగుతుందో ఊహించండి. గొట్టం ఇంకా చల్లగా ఉంది. పైన ప్లాస్టిక్ మూత, నీళ్లని పొడి మీద చల్లే షవర్‌హెడ్, బుట్ట అన్నీ గది వేడిలోనే ఉన్నాయి. గొట్టంలో మరిగిన తొలి నీళ్లు వీటన్నిటినీ తాకుతూ, గాల్లో సన్నటి చుక్కలుగా రాలుతూ 85 డిగ్రీలకి పడిపోయాయి అనుకుందాం. ఆ 85 డిగ్రీల నీళ్లు 130 గ్రాములు, 22 డిగ్రీల దగ్గరున్న 66 గ్రాముల పొడి మీద పడితే రెండూ కలిసి సుమారు 74 డిగ్రీల దగ్గర స్థిరపడతాయి. కావాల్సినదానికి ఇది దాదాపు 20 డిగ్రీలు తక్కువ. తర్వాత వచ్చే నీళ్లు దీన్ని మెల్లగా పైకి లాగుతాయి. హీటర్ శక్తి ఎక్కువైతే నిమిషంలో కోలుకుంటుంది. తక్కువైతే సగం జగ్గు నిండేసరికి గానీ 90 దాటదు. చివర్లో, తొట్టి ఖాళీ అయ్యేటప్పుడు, నీళ్ల కన్నా ఆవిరి ఎక్కువై వేడి ఇంకా పెరుగుతుంది. అప్పటికి పొడిలో మంచి సారమంతా పోయి చేదే మిగిలి ఉంటుంది.

అలా మొదట్లో తక్కువ వేడి, చివర్లో ఎక్కువ వేడి పడుతుంది. చెయ్యి తిరిగిన మనిషి కెటిల్‌తో పోసేటప్పుడు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కెటిల్‌లో నీళ్లు మొదట్లోనే అన్నిటికన్నా వేడిగా ఉంటాయి, పోసేకొద్దీ చల్లారతాయి.

వేడికి ఇంత ప్రాధాన్యం ఇవ్వాలా అనే వాదన కూడా ఉంది, దాన్ని తోసిపుచ్చడానికి లేదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన పరిశీలనలో నీళ్లని 87, 90, 93 డిగ్రీల దగ్గర వాడి డ్రిప్ కాఫీ చేశారు. మిగతా అంశాలు సర్దుతూ చిక్కదనమూ సారమూ మూడింట్లోనూ సమంగా వచ్చేలా చూసుకున్నారు. అలా సమం చేశాక రుచి చూసేవాళ్లకి వేడి వల్ల చెప్పుకోదగ్గ తేడా దాదాపు తెలియలేదు. దీన్ని పట్టుకుని 92–96 నియమం అనవసరం అనేవాళ్లున్నారు.

ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. వేడికి తనదంటూ వేరే రుచి లేదు, సారం దిగడానికి అదొక సాధనం. నీళ్లు కొంచెం చల్లగా ఉంటే పొడి ఇంకాస్త సన్నగా ఆడించి ఆ లోటు పూడ్చుకోవచ్చు. ఇక రెండోది, వాళ్లు పరీక్షించిన అడుగు 87 డిగ్రీలు. నాసిరకం మెషీన్ మొదటి నిమిషాల్లో ఉండే 75 చుట్టుపక్కల గురించి ఆ పరిశీలన ఏమీ చెప్పదు. పైగా ఇంట్లో లోటు పూడ్చేవాళ్లు ఎవరూ లేరు. డబ్బాలో కొన్న పొడి ఏ మోతాదులో ఆడించి ఉంటే అదే. నా మటుకు 90కీ 94కీ తేడా గురించి తలపట్టుకోవాల్సిన పనిలేదనిపిస్తుంది. మొదట్లోనే 90 దరిదాపులకి చేరుతుందా లేదా అన్నదే చూడాలి. ముదురుగా వేయించిన గింజ త్వరగా కరుగుతుంది కాబట్టి తక్కువ వేడిలోనూ సర్దుకుంటుంది. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, చల్లటి నీళ్లకి లొంగదు, పుల్లగా మిగిలిపోతుంది. ఒకే మెషీన్‌ని ఒకరు మెచ్చుకుని ఇంకొకరు తిట్టడానికి చాలాసార్లు ఈ వేపుడు తేడాయే కారణం.

## షవర్‌హెడ్: నీళ్లు ఎక్కడ పడుతున్నాయి

ఇప్పుడు మా బుట్టలో గుంట దగ్గరికి వద్దాం. ఆ మెషీన్ మూత ఎత్తి చూస్తే నీళ్లు వచ్చే రంధ్రం మధ్యలో ఒక్కటే ఉంది. నీళ్లన్నీ ఒకే ధారగా ఒకే చోట పడేవి. పడిన చోట పొడి పక్కకి జరిగి గుంట అయింది. ఒకసారి గుంట పడితే అక్కడ పొడి పొర పలచబడుతుంది, నీళ్లకి అడ్డు తగ్గుతుంది. తర్వాత వచ్చే నీళ్లు కూడా ఆ దారినే పోతాయి. మడి గట్టు ఒకచోట తెగితే నీళ్లన్నీ ఆ గండిలోంచే పోయినట్టు.

దీని ఫలితాన్ని అంకెల్లో చూస్తే గానీ మోసం అర్థం కాదు. బుట్టలో పొడిని మూడు భాగాలు చేద్దాం. మధ్యలో ఉన్న 30 శాతం పొడి మీంచి ఎక్కువ నీళ్లు పోయి సారం 26 శాతం దిగింది. చుట్టూ ఉన్న 50 శాతం పొడిలో 16 దిగింది. అంచుల్లో సరిగ్గా తడవని 20 శాతం పొడిలో 5 దిగింది. మొత్తం సగటు 16.8 శాతం. యంత్రంతో కొలిస్తే "కాస్త తక్కువ దిగింది" అని మాత్రమే తెలుస్తుంది. నాలుకకి మాత్రం 26 శాతం దగ్గరి చేదూ వగరూ విడిగా తెలుస్తుంది, 16 దగ్గరి పులుపూ విడిగా తెలుస్తుంది. ఈ కాఫీని చిక్కబరచాలని ఇంకో రెండు చెంచాలు వేస్తే చేదు పెరుగుతుందే తప్ప బోలుతనం పోదు. వేడి పెంచినా అంతే, ఆ వేడి కూడా గుంటలోంచే పోతుంది. అందుకే వేడి కన్నా ముందు షవర్‌హెడ్ చూడాలని నేనంటాను.

మంచి షవర్‌హెడ్ నీళ్లని ఆరేడు, తొమ్మిది రంధ్రాల్లోంచి విడదీసి, పొడి వెడల్పంతా తడిసేలా, తక్కువ ఎత్తు నుంచి చల్లుతుంది. రంధ్రాల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. అన్ని రంధ్రాలూ మధ్యలోనే గుమిగూడి ఉంటే ఒక్క రంధ్రం ఉన్నట్టే. రంధ్రాలు బాగానే ఉన్నా నీళ్లు జోరు లేక కారితే అన్నీ ఒక పక్క రంధ్రంలోంచే పోతాయి. తక్కువ వాట్ల మెషీన్‌కి వెడల్పాటి షవర్‌హెడ్ తగిలించినా ఫలితం కొంతే కనిపించడానికి కారణమిదే.

నీళ్లు సరిగ్గా పడ్డాయా లేదా అన్నదానికి పిప్పే సాక్ష్యం. సమంగా తడిస్తే పిప్పి పైభాగం చదునుగా, అంతటా ఒకే ముదురు రంగులో ఉంటుంది. మధ్యలో గుంట, అంచుల్లో లేత రంగు, కాగితం గోడకి పైదాకా అంటుకుపోయిన పొడి కనిపిస్తే నీళ్లు దారితప్పినట్టే. కొందరు బుట్టలోకి నీళ్లు దిగడం మొదలైన అర నిమిషానికి మూత తెరిచి చెంచాతో పొడిని ఒకసారి కలుపుతారు. మెషీన్ ఏమీ మారకపోయినా పిప్పి రంగు మారిపోతుంది. మా పాతదాంట్లో అలా కలిపిన రోజు అంచుల్లో లేత రంగు కనబడలేదు, చివరి గుక్కలో గొంతు పట్టుకునే వగరు కూడా బాగా తగ్గింది.

కొత్త మెషీన్లలో "బ్లూమ్" అనే మీట ఒకటి వస్తోంది. మొదట కొన్ని నీళ్లు చల్లి అర నిమిషం, ముప్పావు నిమిషం ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. ఈమధ్యే వేయించిన గింజల్లో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అది నీళ్లని లోపలికి రానివ్వకుండా బుడగలు కడుతుంది. ఆ వాయువు పోవడానికి ఈ విరామం. తాజా గింజలు అప్పటికప్పుడు ఆడించుకునేవాళ్లకి ఉపయోగమే. నెలల కిందట ప్యాకెట్ చేసిన పొడిలో వాయువు ఏమీ మిగలదు కాబట్టి అక్కడ దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

## పెద్ద మెషీన్‌లో రెండు కప్పులు

పన్నెండు కప్పుల మెషీన్ కొనుక్కుని రోజూ ఇద్దరికే చేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పైన చెప్పిన లోపాలన్నీ అక్కడ ఒకేసారి బయటపడతాయి.

రెండు కప్పులంటే 300 మిల్లీలీటర్ల నీళ్లు, 16 గ్రాముల పొడి. నిష్పత్తి సరిగ్గానే ఉంది. కానీ అడుగు చదునుగా, ఎనిమిది సెంటీమీటర్లకి పైగా వెడల్పున్న బుట్టలో ఆ పొడి ఒక సెంటీమీటరు మందం కూడా ఉండదు. 66 గ్రాములు వేసినప్పుడు అది సుమారు మూడు సెంటీమీటర్లు. పలచటి పొరలోంచి నీళ్లు ఆగకుండా జారిపోతాయి. మరోపక్క 900 వాట్ల హీటర్ ఆ 300 మిల్లీలీటర్లని రెండు నిమిషాల లోపే పంపేస్తుంది. గొట్టం, మూత, బుట్ట వేడెక్కే లోపే నీళ్లు అయిపోతాయి. నీళ్లు తక్కువ వేడితో, తక్కువ సేపు, తక్కువ మందం మీద పడి పోతాయి. కొలత సరిగ్గా పాటించినా కాఫీ పుల్లగా, నీళ్లగా వస్తుంది.

ఖరీదైన మెషీన్లలో చిన్న మోతాదుకి వేరే మీట ఉండటం, లేదా బుట్ట అడుగున రంధ్రాన్ని కొంత మూసే ఏర్పాటు ఉండటం దీని కోసమే. గరాటు ఆకారంలో ఉన్న బుట్టలో తక్కువ పొడి వేసినా అడుగున లోతు ఉంటుంది కాబట్టి చిన్న మోతాదుకి అది కొంత నయం.

## డికాషన్ వస్తుందని కొంటే

హైదరాబాదు, విజయవాడల్లో కూడా ఇప్పుడు డ్రిప్ మెషీన్లు దొరుకుతున్నాయి. ఇంట్లో చిక్కటి డికాషన్ సులువుగా దిగుతుందనే ఆశతో కొన్నవాళ్లు పాలు కలిపాక నిరాశపడతారు. ఇక్కడ మెషీన్ చెడిపోయిందనీ కాదు, పొడి మంచిది కాదనీ కాదు. ఆ మెషీన్ తలపెట్టిన పానీయమే వేరు.

స్టీలు ఫిల్టరులో 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 60 పొడి పట్టుకోగా 90 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది. 20 శాతం సారం లెక్కన దాని చిక్కదనం 6.7 శాతం దగ్గర ఉంటుంది. పొడిలో చికోరీ ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే చికోరీ కాఫీ కన్నా బాగా కరుగుతుంది. దానికి మూడింతల పాలు కలిపినా కప్పులో కాఫీ 1.7 శాతం దాకా నిలబడుతుంది. డ్రిప్ మెషీన్ సలక్షణంగా పనిచేసి 1.24 శాతం కాఫీ ఇచ్చిందనుకుందాం. దానికి సమానంగా పాలు పోస్తే మిగిలేది 0.62. నురగ ఎంత తెప్పించినా అది పాలరంగు నీళ్లే.

పోనీ మెషీన్‌లోనే పొడి ఎక్కువ, నీళ్లు తక్కువ వేసి డికాషన్ తీద్దామంటే సమయం అడ్డొస్తుంది. 150 మిల్లీలీటర్ల నీళ్లని 900 వాట్ల హీటర్ నిమిషం లోపే పంపేస్తుంది. స్టీలు ఫిల్టరులో అవే నీళ్లు పావుగంట, ఇరవై నిమిషాలు పొడితోనే ఉండి చుక్కచుక్కగా దిగుతాయి. దాని బలమంతా ఆ నెమ్మదిలోనే ఉంది. మెషీన్‌లో మొదటి అర నిమిషం పొడి తడవడానికే సరిపోతుంది. తర్వాత వచ్చినవి సారం తీసుకునే లోపే కిందికి జారిపోతాయి. పోనీ అని పొడి పెంచి, నీళ్లూ పెంచితే మన ఫిల్టర్ పొడి సన్నదనమూ చికోరీ జిగటా కలిసి కాగితం రంధ్రాలు మూసేస్తాయి. పైనుంచి హీటర్ మాత్రం నీళ్లని అదే జోరున తోస్తూనే ఉంటుంది. బుట్ట అంచు మీదుగా పిప్పితో సహా పొంగి, జగ్గు పక్కనుంచి కారి, హాట్ ప్లేట్ మీద పడి మాడిన వాసన వస్తుంది.

బోరునీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. గుర్రపునాడా గొట్టం లోపల సున్నం పేరుకుంటుంది. అది హీటర్‌కీ నీళ్లకీ మధ్య దుప్పటిలా అడ్డుపడుతుంది, దారినీ ఇరుకు చేస్తుంది. వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వులో సున్నపు ముక్క ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు, వేడి నీళ్లు మళ్లీ తొట్టిలోకే పోతుంటాయి. బయటికి కనిపించే గుర్తులు మూడు: గుడగుడ చప్పుడు మామూలుకన్నా పెద్దదవుతుంది, మూత సందుల్లోంచి ఆవిరి ఎక్కువగా లేస్తుంది, ఏడు నిమిషాల్లో నిండే జగ్గు పన్నెండు నిమిషాలైనా నిండదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లనో, సగం వెనిగర్ సగం నీళ్లనో పొడి లేకుండా ఒకసారి నడిపితే ఆ సున్నం కరిగి తెల్లటి పొలుసులుగా జగ్గులోకి వస్తుంది. ఆ తర్వాత వాసన పోయేదాకా మంచినీళ్లతో రెండుసార్లు నడపాల్సి ఉంటుంది.